స్ఫోటకపు మచ్చలు, ఆజానుబాహువులు: కృష్ణదేవరాయల రూపవర్ణనలను చదవవలసిన తీరు

అమలాపురంలో గాని, రాజోలులో గాని, కొత్తపేటలో గాని ‘భువనవిజయం’ రూపకం ప్రదర్శించాలనుకున్నప్పుడు అష్టదిగ్గజాల పాత్రలకు పద్యం బాగా చదవగలవారిని వెదుకుతారు. రాయల పాత్ర దగ్గరకు వచ్చేసరికి పద్యంతో పాటు ఎత్తు, ఛాయ, విశాలమైన ఛాతీ కూడా అర్హతలవుతాయి. పొట్టిగా, కొంచెం లావుగా, ముఖాన స్ఫోటకపు మచ్చలున్న పండితుడు ఎంత గొప్పగా చదివినా ఆయనకు దక్కేది పెద్దన పాత్రో, ధూర్జటి పాత్రో. రంగస్థలానికి ఆ స్వేచ్ఛ ఉంది, దానిమీద నాకు ఆక్షేపణ లేదు. నా ఆక్షేపణ జీవితచరిత్ర రచనమీద. రంగస్థలం పాత్రధారిని ఎంచుకున్న పద్ధతిలోనే మన రచయితలు, పరిశోధకులు ఆధారాలను ఎంచుకుంటున్నారు. అందువల్లనే ఒకే చక్రవర్తి ఒక పుస్తకంలో ఆజానుబాహువు, మరొక పుస్తకంలో మధ్యమ ప్రమాణుడు. ఒకచోట కనకచ్ఛాయ గల సుందరుడు, మరొకచోట మచ్చల ముఖంవాడు. ఒకచోట మల్లయోధుడు, మరొకచోట వంశపారంపర్య వ్యాధిగ్రస్తుడు.

ఈ భేదాలకు సాధారణంగా రెండు పరిష్కారాలు చూపుతుంటారు. మొదటిది సమన్వయం: అన్ని వర్ణనలనూ కలిపి ‘మధ్యస్థమైన ఎత్తుతో, బంగారు ఛాయతో, ముఖాన కొద్దిపాటి మచ్చలున్నా ఆకర్షణీయంగా’ ఉండేవాడని ఒక వాక్యం కూర్చడం. రెండవది ఎంపిక: నచ్చిన సాక్షిని నిలబెట్టి, నచ్చనివానిని విదేశీయుడనో స్తుతిపాఠకుడనో తోసివేయడం. ఈ రెండూ తప్పే. వర్ణనల మధ్య భేదానికి కారణం సాక్షులలో ఒకరు నిజం చెప్పి మరొకరు అబద్ధం చెప్పడం కాదు. వారు వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు చెబుతున్నారు. ఆ ప్రశ్న ఏదో తేల్చకముందు వర్ణనను వాడడానికి మనకు అధికారం లేదు.

కన్నది, విన్నది

రాయల దేహాన్ని గురించి మనకున్న సమకాలిక సాక్ష్యాలలో ముఖ్యమైనది పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్‌ది. క్రిస్తోవావ్ ద ఫిగైరెడో బృందంతో విజయనగరానికి వచ్చిన పేస్ 1520కి అటూఇటూగా రాయలను చూశాడు. అతని రచనను, దాని తరువాతి తరానికి చెందిన నూనిజ్ రచనతో కలిపి, డేవిడ్ లోపెష్ 1897లో లిస్బన్‌లో ప్రకటించాడు. రాబర్ట్ సీవెల్ 1900లో తన విజయనగర చరిత్ర గ్రంథంలో ఆ రెంటికీ ఇంగ్లీషు అనువాదం చేర్చాడు. తెలుగులో కనిపించే ‘పేస్ వర్ణన’ చాలా సందర్భాలలో సీవెల్ ఇంగ్లీషుకు తెలుగు రూపం.

ఆ వర్ణన సారాంశం ఇది. రాజు మధ్యస్థమైన ఎత్తువాడు, తెల్లని ఛాయ, మంచి శరీర సౌష్ఠవం, సన్నమనడం కంటే లావనదగినవాడు, ముఖంమీద స్ఫోటకపు మచ్చలున్నాయి. ఆయన గొప్ప పాలకుడు, న్యాయశీలి, అయితే హఠాత్తుగా కోపావేశానికి లోనవుతాడు. మరొకచోట రాజు దినచర్య వస్తుంది. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించుకొని, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, కత్తి సాధన చేసి, చెమటగా నూనె అంతా బయటికి వచ్చేదాకా శ్రమించి, ఒక మల్లునితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రపు స్వారీ చేస్తాడని.

ఈ రెండు భాగాలనూ మన జీవితచరిత్రలు ‘పేస్ కళ్లారా చూసి రాసినది’ అని ఒకే గాటన కడతాయి. ఇక్కడే మొదటి పొరపాటు. ముఖంమీది మచ్చలు పేస్ చూడగలిగినవి. రాజు ఫిగైరెడో బృందాన్ని దగ్గరికి రానిచ్చి ఆదరించాడు. ఆనాడు ఆయన ధరించిన బంగారు గులాబీల తెల్లని బట్టలనూ, మెడలోని వజ్రాల ఆభరణాన్నీ, తలమీది జరీ టోపీనీ, చెప్పులు లేని పాదాలనూ పేస్ విడివిడిగా గుర్తుపెట్టుకున్నాడు. అంత దగ్గరినుంచి చూసినవానికి ముఖంమీది గుంటలు కనబడకుండా ఉండవు. తెల్లవారకముందు అంతఃపురంలో జరిగే నూనె సేవనం సంగతి వేరు. అతిథిగా వచ్చిన ఒక పరదేశి దానిని రోజూ చూసి ఉండడం అసంభవం. అది ‘రాజు అలవాటు ఇది’ అని రాజసేవకులో, దుబాసీలో చెప్పగా విన్న మాట. విన్నది కనుక అబద్ధమని కాదు. ఆస్థానం తన రాజు బలాన్ని గురించి బయటివారికి ఏమి వినిపించదలచుకున్నదో అందులో కలిసి ఉంటుందని మాత్రమే. ఒకే సాక్షి రచనలో సైతం చూసిన వాక్యాన్నీ, విన్న వాక్యాన్నీ వేరుచేయవలసి ఉంటుంది.

రెండవ పొరపాటు కొలతకు సంబంధించినది. ‘మధ్యస్థమైన ఎత్తు’ అన్నది కొలత కాదు, పోలిక. ఎవరితో పోలిక? పేస్ మనసులోని సగటు మనిషితో. ఆ సగటు అతడు పుట్టిపెరిగిన పోర్చుగల్‌లో ఏర్పడిందో, గోవాలో ఏర్పడిందో, రాజు చుట్టూ ఉన్న మల్లులనూ అంగరక్షకులనూ చూసి ఏర్పడిందో ఆ వాక్యం చెప్పదు. కాబట్టి ఆ మాటను అడుగులలోకి, అంగుళాలలోకి మార్చే ప్రతి ప్రయత్నమూ కల్పనే. రంగు మాట కూడా ఇటువంటిదే. దక్షిణ భారతంలో తిరిగిన పోర్చుగీసువాడు ‘తెల్లనివాడు’ అంటే చుట్టూ ఉన్నవారికంటే ఛాయ తక్కువ నలుపు అని అర్థం కావచ్చు. ఆ మాట ఇంగ్లీషులో ‘ఫెయిర్’ అయింది. తెలుగులో ఒకరికది ‘పచ్చని ఛాయ’, మరొకరికి ‘బంగారు మేని కాంతి’. చివరి మెట్టు చేరేసరికి పేస్ మాట ప్రబంధకవి మాటలా వినిపిస్తుంది. అప్పుడు ‘విదేశీ యాత్రికుడు కూడా మన కవులు చెప్పినదే చెప్పాడు’ అని సంతోషిస్తాము. ఆ ఏకీభావం సాక్ష్యంలో ఉన్నది కాదు, అనువాదంలో మనమే చేర్చుకున్నది.

కొలతలు గమ్యం చేరేలోగా మారిపోవడానికి ప్రసిద్ధమైన ఉదాహరణ నెపోలియన్. ఆయన ఎత్తు ఫ్రెంచి కొలతలో ఐదడుగుల రెండంగుళాలు. ఫ్రెంచి అంగుళం ఇంగ్లీషు అంగుళంకంటే పెద్దది, దాదాపు 2.7 సెంటీమీటర్లు. ఆ లెక్కన ఆయన ఎత్తు సుమారు 168 సెంటీమీటర్లు, ఆ కాలానికి సాధారణమైన ఎత్తే. అదే అంకెను ఇంగ్లీషు అంగుళాలుగా చదివినవారికి ఆయన పొట్టివాడయ్యాడు. రాయల నువ్వుల నూనెకూ ఇదే జరిగింది. పేస్ చెప్పిన ‘క్వార్తీల్యో’ అనే పోర్చుగీసు కొలతకు సీవెల్ ముప్పాతిక పైంటు అని వివరణ ఇచ్చాడు. ఇంపీరియల్ పైంటు లెక్కన అది 425 మిల్లీలీటర్లు దాటుతుంది. లిస్బన్ పాత కొలత ప్రకారం క్వార్తీల్యో దాదాపు 350 మిల్లీలీటర్లే. రోజూ ఎంత నూనె తాగేవాడన్న వర్ణనలో ఇంత తేడా రావడానికి సాక్షుల మధ్య వైరుధ్యం అక్కరలేదు. ఒక అనువాదకుని వివరణ చాలు.

పేరు మార్చి చూడడం

ఇక కావ్యసాక్ష్యం. మనుచరిత్రలోనూ, పారిజాతాపహరణంలోనూ కృతిపతి సంబోధనలున్నాయి, ఆశ్వాసాద్యంత పద్యాలున్నాయి. వాటిలోని సౌందర్య విశేషణాలను జీవితచరిత్రలోకి తెచ్చుకునేవారికి ఒక చిన్న పరీక్ష సూచిస్తాను. విశేషణం ఉన్న చోట రాయల పేరు తీసి మరొక కృతిపతి పేరు పెట్టి చూడండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే అది రాయల దేహానికి సాక్ష్యం కాదు, కృతిపతి అనే పదవికి లక్షణం. ‘ఆజానుబాహువు’ ఈ పరీక్షలో తక్షణం ఓడిపోతుంది. వాల్మీకి రాముడు ఆజానుబాహువు, సాముద్రిక శాస్త్రం చెప్పే మహాపురుషుడు ఆజానుబాహువు, ప్రతి చిన్న సంస్థానాధీశుడూ తన ఆస్థానకవి నోట ఆజానుబాహువే. ఆ మాట చేతుల పొడవును చెప్పదు. ‘ఇతడు రాజ్యార్హుడు’ అని చెబుతుంది. మన్మథునితో పోలిక కూడా అంతే.

దీనివల్ల ప్రబంధకవులు అబద్ధాలాడారని అనుకోవడం మరొక అపచారం. వర్ణన అనే వ్యాపారంలో వారు ఒక ధర్మాన్ని పాటించారు. ఆ ధర్మంలో రాజు ముఖంమీది మచ్చలకు చోటు లేదు. మచ్చలు చెప్పకపోవడం మచ్చలు లేకపోవడానికి ఆధారం కాదు. మౌనాన్ని సాక్ష్యంగా తీసుకోవాలంటే, మాట్లాడే అవకాశం ఉండీ మాట్లాడలేదని ముందు చూపాలి. స్తుతిపద్యానికి ఆ అవకాశం లేదు.

ప్రబంధ విశేషణాలు రాయల కాలపు రాజత్వ భావనకు అమూల్యమైన ఆధారాలు. ఆ అధ్యాయంలో వాటిని పూర్తిగా వాడుకోవచ్చు. ‘రూపురేఖలు’ అనే పేరా మాత్రం వాటికి చోటు కాదు.

తిరుమల ప్రతిమ

మూడవ సాక్ష్యం లోహానిది. తిరుమల ఆలయంలో తిరుమలదేవి, చిన్నాదేవి ఇరుప్రక్కల ఉండగా చేతులు జోడించి నిలిచిన రాయల ప్రతిమ ఉంది. ప్రతిమలమీద పేర్లు చెక్కి ఉండడం వల్ల ఎవరెవరో నిస్సందేహం. ఇక్కడి రాయలు సన్నని నడుము గలవాడు, నున్నని ముఖంవాడు. తలమీద పొడవైన కుళ్లాయి. ‘ప్రతిమలో మచ్చలు లేవు, లావు లేదు, కనుక పేస్ పొరబడ్డాడు’ అనే వాదం తరచు వినిపిస్తుంది. దీనిని తిప్పికొట్టేవారు ‘ప్రతిమ కాలానికి రాజు సన్నగా ఉండి, పేస్ వచ్చేనాటికి ఒళ్లు చేసి ఉంటాడు’ అంటారు. ఇది తెలివైన సమన్వయమే, కాని అవసరం లేనిది. ఆ ప్రతిమ మనకు చూపదలచినది రాజు ముఖాన్ని కాదు, దేవుని ఎదుట రాజు ఎలా నిలబడతాడన్న దానిని. అదే మండపంలో ఉన్న అచ్యుతరాయల విగ్రహమూ అంజలి ఘటించినదే. భక్తుని భంగిమకు ఒక మూస ఉంది. ఆ మూసలో దేహం లీలగా, ముఖం ప్రశాంతంగా ఉంటుంది. శిల్పి మచ్చలను దాచలేదు. అవి అతని పనిలో భాగమే కావు.

అయినా ప్రతిమ మనకేమీ చెప్పదనడం తొందరపాటు. వేషం విషయంలో అది మంచి సాక్షి. పేస్ గలీసియా శిరస్త్రాణంవంటిదని పోల్చిన టోపీకీ, ప్రతిమ తలమీది కుళ్లాయికీ పోలిక స్పష్టం. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు, ఒకరు అక్షరంలోనూ ఒకరు లోహంలోనూ, ఒకే విషయం చెప్పారు. ఇద్దరికీ ఆ విషయంలో అలంకరించవలసిన నిర్బంధం లేదు. ఇటువంటిచోట మనకు నిశ్చయం దొరుకుతుంది. పైగా ఒక చిన్న ఫలితం కూడా ఉంది. నిలువెత్తు కుళ్లాయి తలమీద ఉన్న మనిషిని దూరంనుంచి చూసిన ప్రజలకు ఆయన పొడగరిగానే కనిపించి ఉంటాడు. ‘మధ్యస్థమైన ఎత్తు’ దగ్గరగా చూసినవాని మాట. రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు.

మరణవ్యాధి

ఆరోగ్యం విషయంలో మన అజాగ్రత్త మరింత ఎక్కువ. రాయల చివరి జబ్బును గురించి తరచు ఉటంకించే ఆధారం నూనిజ్. బెల్గాంమీదికి దండయాత్ర సన్నాహంలో ఉండగా రాజు జబ్బుపడ్డాడనీ, గజ్జల్లో నొప్పితో పోయాడనీ, పూర్వులందరూ పోయినది ఆ జబ్బుతోనేననీ, విజయనగర రాజులందరూ దానితోనే పోతారనీ అతడు రాశాడు. నూనిజ్ గుర్రాల వర్తకుడు, అచ్యుతరాయల కాలంలో, 1535 ప్రాంతంలో అక్కడున్నవాడు. అంటే రాయలు గతించిన కొన్నేళ్లకు విన్నది రాశాడు.

ఈ వాక్యాన్ని అతని గ్రంథంతోనే పరీక్షించవచ్చు. విజయనగర రాజులందరూ ఒకే జబ్బుతో పోయారన్న నూనిజే, విరూపాక్షరాయలు కొడుకు చేతిలో హతుడయ్యాడని రాశాడు. సాళువ నరసింహుని కొడుకులు హత్యకు గురైన కథా చెప్పాడు. తన కథనమే తన సూత్రాన్ని కాదంటున్నది. కనుక ‘వంశపు జబ్బు’ అన్నది వైద్య సమాచారం కాదు, ఊరిలో చలామణీలో ఉన్న ఒక నానుడి. వీరనరసింహరాయలు తమ్ముని కళ్లు పీకించమంటే తిమ్మరుసు మేక కళ్లు చూపి కాపాడాడన్న కథకు కూడా మూలం ఈ నూనిజే. కథగా అది ఎంత రసవత్తరమో, సాక్ష్యంగా అంత బలహీనం. రెండూ ఒకే నోటినుంచి వచ్చాయని గుర్తుంచుకుంటే చాలు.

ఇక ‘గజ్జల్లో నొప్పి’ని ఆధునిక రోగనామంగా మార్చడం మరీ ప్రమాదకరం. మూత్రాశయంలో రాయి, వరిబీజం, బిళ్లలు కట్టే ప్లేగు, మరొక అంటువ్యాధి, వీటిలో ఏదైనా ఆ నాలుగు మాటలలో ఇముడుతుంది. ఎంతో కాలం బాధపడ్డాడా, కొన్ని రోజులలో పోయాడా, జ్వరం ఉందా అన్నది ఆ వాక్యంలో లేదు. రోగనిర్ణయానికి కావలసినవి అవే. మచ్చల విషయంలో మాత్రం ఒక అనుమానం చేయవచ్చు, అది బలమైనది. పేస్ చూసేనాటికి, అంటే 1520 ప్రాంతానికి ముందే, రాయలకు మశూచి సోకి నయమైంది. ఒకసారి సోకి బతికినవానికి అది మళ్లీ రావడం చాలా అరుదు. కనుక ఆ మచ్చలకూ చివరి జబ్బుకూ ముడిపెట్టడానికి ఆధారం లేదు. ‘మశూచితో చిన్ననాడే బలహీనపడ్డాడు’ అన్నదానికి అసలే లేదు. ఏ వయసులో సోకిందో మచ్చలు చెప్పవు.

శాసనం ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో గమనించడం ఇక్కడ మేలు చేస్తుంది. తుమకూరు జిల్లా హొన్నేనహళ్లిలోని కన్నడ శాసనం రాయల నిర్యాణాన్ని నమోదు చేసిందని 2021లో వెల్లడైంది. శకం 1451 కార్తిక పూర్ణిమ, చంద్రగ్రహణం రోజు, అంటే 1529 అక్టోబరు 17. మరణకాలంమీద సాగిన చర్చకు దీనితో గట్టి ఆధారం దొరికింది. కాని శాసనం జబ్బు పేరు చెప్పలేదు. ఒక ప్రశ్నకు గట్టి సమాధానం దొరికిన ఉత్సాహంలో పక్క ప్రశ్నకు కూడా సమాధానం దొరికినట్లు రాయడం మన అలవాటు. శాసనపు తేదీనీ, నూనిజ్ గజ్జల నొప్పినీ ఒకే వాక్యంలో పెడితే తేదీకున్న విశ్వసనీయత నొప్పికి కూడా అంటుకుంటుంది. పాఠకుడు ఆ తేడాను కనిపెట్టలేడు. దానికి బాధ్యుడు రచయితే.

అవమానమా?

మచ్చల ప్రస్తావన తెచ్చిన ప్రతిసారీ ఎదురయ్యే ఆక్షేపణ ఒకటుంది. విదేశీయుని మాట పట్టుకొని మన చక్రవర్తిని కించపరుస్తున్నామని. 1962 నాటి ‘మహామంత్రి తిమ్మరుసు’లో ఎన్.టి. రామారావును రాయలుగా చూసి పెరిగిన తరానికి ఆ బాధ సహజమే. కాని కించపరిచేది పేస్ కాదు. అతడు మచ్చల మాట చెప్పిన చోటనే, రాజుగా రాయలంత భయభక్తులు గొలిపేవాడు, సర్వలక్షణ సంపూర్ణుడు ఉండడని మెచ్చుకున్నాడు. టీకాలు లేని ఆ శతాబ్దిలో స్ఫోటకపు మచ్చలు ఊరూరా కనిపించేవి. మచ్చలను అవమానంగా చదివేది మనం, మశూచిని మరచిపోయిన కాలంవాళ్లం. ‘లావు’ సంగతీ అంతే. సన్నదనం అందమనే నేటి ఊహను ఆనాటి రాజదేహానికి తొడగడం అన్యాయం.

దీనికి ఎదురుగా మరొక వర్గముంది. మచ్చల వాక్యం ఒక్కటే నిజమనీ, మిగిలినదంతా భట్రాజు పొగడ్త అనీ తేల్చేది. వీరికి అప్రియమైన మాట కావడమే సత్యానికి గుర్తు. ఇదీ ఒక విధమైన మూఢవిశ్వాసమే. పేస్ మచ్చల మాటను నేను నమ్ముతున్నది అది అప్రియం కావడంవల్ల కాదు. అతడు దగ్గరగా చూశాడు, ఆ మాటవల్ల అతనికి లాభం లేదు, అది ఏ వర్ణన మూసకూ చెందినది కాదు. ఈ మూడు కారణాలూ చూపగలిగినప్పుడే నమ్మకం పరిశోధన అవుతుంది.

పాఠపరిష్కర్తల దారి

ఈ క్రమశిక్షణ తెలుగు శాఖలకు కొత్తది కాదు. కోనసీమలోని ముక్తేశ్వరంలో పుట్టిన జయంతి రామయ్య పంతులు ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన రాయవాచకాన్ని పరిష్కరించి ప్రకటించారు. తాళపత్ర ప్రతులు విభేదించినప్పుడు పరిష్కర్త రెండు పాఠాలను కలిపి మూడవ పాఠం వండడు. చెవికింపైనదని ఒకదానిని మూలంలోకి ఎక్కించడు. ఏ ప్రతి ఎప్పటిది, ఎవరి రాత, లేఖకుడు ఎక్కడ తడబడే అవకాశముందో తూచి, స్వీకరించినదానిని పైన, మిగిలినవాటిని అధోజ్ఞాపికలో ఉంచుతాడు. పద్యంలో ఒక్క అక్షరానికి మనం చూపే ఈ శ్రద్ధను ఒక మనిషి ముఖానికి ఎందుకు చూపము?

పోలికకు ఒక హద్దు ఉంది. ప్రతుల వెనుక ఒకే మూలం ఉంటుంది. వర్ణనల వెనుక ఒకే మనిషి ఉన్నా, ఒకే వర్ణన లేదు. రాయవాచకాన్నే చూడండి. అది రాయల కాలపు రచన కాదనీ, దాదాపు 1600 ప్రాంతంలో మధుర నాయకుల ఆస్థానంలో పుట్టిందనీ ఫిలిప్ వాగనర్ వాదించాడు. దాని ఆసక్తి రాజనీతిమీద, వేగులవారి మాటలమీద, దండయాత్రలమీద. అందులో రాజు దేహంకోసం వెదికేవాడు రైతు దగ్గర వలను వెదికినట్లే. అందుచేత పరిష్కర్తనుంచి మనం నేర్చుకోవలసినది మూలరూపాన్ని పునర్నిర్మించడం కాదు, సాక్షిని వాక్యంనుంచి విడదీయకపోవడం.

ఆ ప్రకారం రాయల జీవితచరిత్రలో రూపవర్ణన పేరా ఎలా ఉండాలో ఇక్కడే రాసి చూపుతాను: ‘1520 ప్రాంతంలో రాయలను దగ్గరగా చూసిన పేస్‌కు ఆయన మధ్యస్థమైన ఎత్తువాడుగా, కొంచెం లావుగా, తనకు తెల్లగా తోచే ఛాయతో, ముఖాన స్ఫోటకపు మచ్చలతో కనిపించాడు. అంతకుముందే ఆయనకు మశూచి వచ్చి తగ్గి ఉండాలి. ఆయన తెల్లవారకముందు చేసే వ్యాయామాన్ని గురించి పేస్ ఆస్థానంలో విన్నాడు. తిరుమల ప్రతిమ ఆయనను కుళ్లాయి ధరించిన భక్తునిగా చూపుతుంది. కుళ్లాయి విషయంలో పేస్ మాట దానితో కలుస్తుంది. ఆయన 1529 అక్టోబరు 17న గతించాడు. జబ్బును గురించి నూనిజ్ తరువాత విన్న మాట ఒకటుంది, దానితో రోగనిర్ణయం చేయడం సాధ్యం కాదు.’

ఈ పేరాలో అందగాడన్న మాట లేదు, అనాకారి అన్న మాటా లేదు. ఎత్తుకు అంకె లేదు. ప్రతి వాక్యానికీ సాక్షి ఉన్నాడు, ఆ సాక్షి ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడో తెలుస్తుంది. ఇది రక్తి కట్టదని అనేవారుంటారు. రక్తి కట్టించడానికి భువనవిజయం ఉంది. జీవితచరిత్ర పేరుతో, పరిశోధన పట్టాకోసం, సమర్పించే సిద్ధాంతవ్యాసంలో ఆజానుబాహువు కనిపిస్తే మాత్రం, ఆ చేతుల పొడవు ఎవరు కొలిచారని అడగడం పరీక్షకుల విధి.